పది గేదెలా, ఉద్యోగమా: రాజీనామాకు ముందు నడవాల్సిన పదిహేడు నెలలు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాదులో మాన్యువల్ టెస్టింగ్ ఉద్యోగం, చేతికి 62 వేలు వస్తుంది. ఈ కంపెనీలో చేరి 4 సంవత్సరాల 4 నెలలయింది. మా ఊరు తెనాలికి 9 కిలోమీటర్లు. బోరు ఉన్న రెండు ఎకరాలు, 9 లక్షల పొదుపు ఉన్నాయి. నాన్నగారికి 61 ఏళ్లు, ఇంకా ఓపికగానే ఉన్నారు. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. మాన్యువల్ టెస్టింగ్ ఎన్నాళ్లుంటుందో తెలియదు. రాజీనామా చేసి పది ముర్రా గేదెలతో డైరీ పెట్టాలని ఉంది. ఒకరు లాభమంటారు, ఒకరు మునిగిపోతావంటారు. నెలల తరబడి వీడియోలు చూస్తున్నాను, ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఈ జనవరిలోనైనా నిర్ణయం తీసుకోవాలి. ఏం చేయమంటారు?

సమాధానం:

జనవరిలో మీరు తీసుకోవలసిన నిర్ణయం రాజీనామా గురించి కాదు. పాతిక సెంట్లలో పచ్చిమేత నాటాలా వద్దా, నాన్నగారి చేత తెనాలిలో పదిహేను ఇళ్లకు పాలు పోయించి చూడాలా వద్దా అన్నంత వరకే ఇప్పుడు తేల్చుకోండి. ఈ రెండింటికీ మీ దగ్గర ఉన్న సమాచారం చాలు. రాజీనామాకు కావలసిన సమాచారం మాత్రం మీ దగ్గర లేదు, వీడియోల్లో దొరకదు, నా దగ్గర కూడా లేదు. మీ ఊళ్లో, మీ మేతతో, మీ ఇంటి మనుషులతో కొన్ని నెలలు చేస్తేనే అది పుడుతుంది.

నేను 2013 మే నెలలో విజయవాడలోని ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటు ఉద్యోగం మానేసి, అదే నెలలో ఎనిమిది గేదెలను ఒక్క లారీలో దింపుకున్నాను. అప్పటికే ఆరు లక్షలతో సిమెంటు షెడ్డు కట్టి ఉంచాను. పూటకు ఏడు లీటర్లు ఇస్తాయని దళారి చెప్పిన గేదెలు ప్రయాణపు బడలికకు, మండుటెండకు తట్టుకోలేక పూటకు నాలుగు లీటర్ల దగ్గర ఆగిపోయాయి. అంతకన్నా పెద్ద దెబ్బ పది నెలల తరువాత తగిలింది. అన్నీ ఇంచుమించు ఒకేసారి ఈనినవి కాబట్టి అన్నీ ఒకేసారి వట్టిపోయాయి. ఎనిమిదింటిలో అయిదు చూడి కట్టనే లేదు. కొన్ని నెలల పాటు పాలు లేవు, దాణా ఖర్చు, పనివాళ్ల జీతం మాత్రం ఆగలేదు. రెండో ఏడు తిరిగి ఉద్యోగానికి ప్రయత్నిస్తే, మధ్యలో ఖాళీ ఉందని తక్కువ జీతం ఇస్తామన్నారు. ఇప్పుడు పదకొండు గేదెలతో నిలదొక్కుకున్నాను, కానీ అందుకు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో నేర్చుకున్నదాన్ని ఉద్యోగంలో ఉంటూనే రెండు గేదెలతో, ఏడాదిన్నరలో నేర్చుకునే వీలుండేది. మీకు ఆ దారి చెప్పాలన్నదే నా ప్రయత్నం.

ముందుగా మీకు తెలియనివి ఏమిటో విడదీద్దాం. తెలియని విషయాలు యాభై ఉండవచ్చు గాని, వాటిలో నిర్ణయాన్ని తారుమారు చేసేవి రెండు మూడే ఉంటాయి. అవేమిటో లెక్క వేస్తేనే బయటపడుతుంది. ఒక గేదెను ఈత నుంచి ఈత వరకు పదిహేను నెలలు, అంటే సుమారు 450 రోజులు చూద్దాం. అందులో 300 రోజులు సగటున రోజుకు 7 లీటర్ల చొప్పున 2,100 లీటర్లు ఇస్తుందనుకోండి. పాలిచ్చే రోజుల్లో దాణా అయిదున్నర కిలోలు 165 రూపాయలు, వరిగడ్డి 40, సొంత పచ్చిమేతకు 45, మొత్తం 250 రూపాయలు. వట్టిపోయిన 150 రోజుల్లో దాణా రెండు కిలోలకు తగ్గించినా రోజుకు 145 అవుతుంది. మందులు, చూడి కట్టించే సూది, బీమా కలిపి 5 వేలు వేసుకుంటే, ఒక చక్రానికి ఖర్చు 1,01,750 రూపాయలు. ఈ ధరలు లెక్క కోసం నేను వేసుకున్నవి. మీ ఊరి ధరలు వేసి మీరే మళ్లీ కట్టుకోండి.

ఇప్పుడు ఆదాయం వైపు చూడండి. పాల కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి లీటరుకు 56 రూపాయలు పడిందనుకుంటే 1,17,600 వస్తుంది, మిగిలేది 15,850. నెలకు వెయ్యి రూపాయల పైచిలుకు మాత్రమే, అదీ మనిషి కూలి తీయకుండా. అవే పాలను తెనాలిలో ఇళ్లకు 80 చొప్పున పోసి, రవాణాకు లీటరుకు 6 రూపాయలు తీసేసినా 53 వేల పైన మిగులుతుంది, అంటే నెలకు సుమారు 3,570. ఇక గేదె సకాలంలో చూడి కట్టక ఈతకూ ఈతకూ మధ్య పద్దెనిమిది నెలలు పట్టిందనుకోండి. వట్టి రోజులు 90 పెరిగి ఖర్చు 1,14,800 అవుతుంది. అప్పుడు కేంద్రానికి పోసేవారికి మిగిలేది మొత్తం చక్రానికి 2,800 రూపాయలే. ఇళ్లకు పోసేవారికి నెలకు 2,250 దాకా మిగులుతుంది.

అందరూ అడిగేది గేదె ఎన్ని లీటర్లిస్తుందని. రోజుకు ఒక లీటరు ఎక్కువ ఇస్తే, దానికి తగ్గ దాణా పోను, చక్రానికి సుమారు 12 వేలు కలుస్తుంది. అది తీసివేయదగ్గ మొత్తం కాదు. కానీ పాలు ఎవరికి, ఏ ధరకు పోస్తారన్నదానికి 37 వేల పైన తేడా వస్తోంది, సకాలంలో చూడి కట్టడానికి 13 వేలు, ఆ పైన మూడు నెలల కాలం. కాబట్టి మీ నిర్ణయం నిలబడేది రెండు ప్రశ్నల మీద: తెనాలిలో మీకు ఎన్ని నెలవారీ ఖాతాలు నిలుస్తాయి, మీ ఇంటి మేపకంలో గేదె ఎన్ని రోజులకు చూడి కడుతుంది. మూడోది లెక్కకు అందదు గాని వీటితో సమానమైనది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాలు పిండే జీవితం మీ ఇంట్లో వారికి, ముఖ్యంగా మీ భార్యకు, సమ్మతమేనా?

పది గేదెల మాట కూడా ఈ లెక్కతోనే తేలుతుంది. ఇళ్లకు పోసినా పదింటికి నెలకు 35 వేల పైన మిగులుతుంది. అందులో పనివాళ్ల జీతం 20 వేలు పోతే మీ చేతికి 15 వేలు. ఊళ్లో మీ ఇంటి ఖర్చు 30 వేలు అయ్యేట్టయితే పదిహేను గేదెలు కావాలి. పదిహేను గేదెల పాలు సగటున రోజుకు 70 లీటర్లు, అంటే రోజుకు లీటరు తీసుకునే 70 ఇళ్లు. గేదెలను డబ్బుతో ఒక్క రోజులో కొనవచ్చు, 70 ఇళ్లను కొనలేరు. అందుకే గేదెలు కొనక ముందే ఇళ్ల సంగతి తేల్చుకోవాలంటున్నాను.

మొదటి అడుగు ఇది. జనవరి 15 నుంచి మార్చి 15 వరకు అరవై రోజులు, మీ ఊళ్లో నమ్మకమైన ఒకరిద్దరు రైతుల దగ్గర కేంద్రం ధరకన్నా నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి, రోజుకు పదిహేను లీటర్లు తీసుకోండి. నాన్నగారు ఉదయం బండి మీద తెనాలిలో ఒకే పేటలో, ఒకదానికొకటి దగ్గరగా ఉన్న ఇళ్లకు 80 చొప్పున పోస్తారు. మిగిలిన పాలు ఏ రోజుకారోజు కేంద్రంలో పోసేస్తే లీటరుకు నాలుగు రూపాయలు మాత్రమే నష్టం. ఈ ప్రయోగం పూర్తిగా చెడినా క్యానులు, పెట్రోలు, మిగిలిపోయిన పాలు కలిపి పదిహేను వేలకు మించి పోదు, ఆపాలనుకుంటే ఒక్క రోజులో ఆపవచ్చు. దీనికి జనవరే తగిన కాలం కూడా. చలికాలంలో పాలు పుష్కలంగా ఉంటాయి, ఎవరి పాలవాడు వారికి ఉంటాడు. అలాంటప్పుడు మీ పాలకు మారిన ఇల్లు నిలుస్తుంది. ఇదే పని మేలో చేస్తే పాల కొరత వల్ల అందరూ తీసుకుంటారు, మీకు గిరాకీ ఉందన్న భ్రమ కలుగుతుంది.

మొదటి సమీక్ష తేదీ మార్చి 15. ఆ రోజు ఏం చూస్తారో ఈ రోజే, పాలు పోయడం మొదలుపెట్టక ముందే, నోటు పుస్తకంలో రాసి మీరు, మీ భార్య, నాన్నగారు ముగ్గురూ సంతకాలు పెట్టండి. నేనైతే ఇలా రాస్తాను. రెండో నెల డబ్బు పదో తారీఖులోగా ఇచ్చి, మూడో నెలకూ పోయమన్న ఇళ్లు పది లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ముందుకు సాగుతాం. ఆరుకన్నా తక్కువ ఉంటే డైరీ ఆలోచన ఇక్కడితో విరమిస్తాం. మధ్యలో ఉంటే పేట మార్చి గాని, పోసే వేళ మార్చి గాని ఇంకో నలభై అయిదు రోజులు చూస్తాం, ఆ గడువును మళ్లీ పొడిగించం. ముందే రాయడం ఎందుకంటే, మార్చి నాటికి మీ మనసులో ఆశ పెరిగి ఉంటుంది. ఏడు ఇళ్లే నిలిచినా, పండగలకు ఊళ్లకు వెళ్లారనో, పరీక్షల రోజులనో కారణాలు దొరుకుతాయి. కారణాలు నిజమే కావచ్చు, కానీ అంకె ముందే రాసి ఉంటే వాటిని అంకె పక్కన పెట్టి చూడగలుగుతాం. పొడిగింపు ఒక్కసారే అన్న షరతును మరింత గట్టిగా పాటించండి. నేను చూసినంతలో నష్టపోయిన వారిలో ఎక్కువమంది ఒక్క పెద్ద తప్పుతో పోలేదు, ఇంకో నెల చూద్దామని పదిసార్లు అనుకుని పోయారు.

ఈ అరవై రోజుల్లోనే పాతిక సెంట్లలో సూపర్ నేపియర్ రెండు కణుపుల ముక్కలు నాటించండి. రెండు గేదెలకు రోజుకు అరవై కిలోల పచ్చిమేత కావాలి, నీరు, ఎరువు సరిగ్గా అందితే ఆ మేరకు పాతిక సెంట్లు సరిపోతాయి. మొదటి కోత రెండు నెలలు దాటాక వస్తుంది, ఆ తరువాత నెలన్నరకొకసారి కోసుకోవచ్చు. మార్చిలో విరమించుకున్నా మేతను ఊళ్లో వారికి అమ్ముకోవచ్చు, లేదా దున్నేసి వేరే పంట వేసుకోవచ్చు.

మార్చిలో సాగాలని తేలినా వెంటనే గేదెలు కొనవద్దు. ఏప్రిల్ నుంచి జూలై వరకు చేయవలసిన పనులు ఉద్యోగం వైపు ఉన్నాయి. ప్రస్తుతం మీ కుటుంబానికి కంపెనీ ఆరోగ్య బీమా ఉండి ఉంటుంది, రాజీనామాతో అది పోతుంది. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. కొత్త పాలసీలో మొదటి ముప్పై రోజులు ప్రమాదాలకు తప్ప మిగిలిన జబ్బులకు డబ్బు రాదు, ముందు నుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం పెట్టవచ్చు. నాన్నగారికి బీపీ, షుగరు లాంటివి ఉంటే ఆ మూడేళ్ల గడియారం మీరు జీతంలో ఉండగానే మొదలుకావడం మంచిది. దాచకుండా అన్నీ రాసి తీసుకోండి. నిర్ణయం ఎటు తేలినా ఈ పాలసీ వృథా కాదు.

రెండోది గ్రాట్యుటీ. మీలాంటి శాశ్వత ఉద్యోగికి అయిదేళ్ల నిరంతర సేవ నిండితే ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున వస్తుంది. మీ మూల వేతనం, కరువు భత్యం కలిపి 30 వేలు అనుకుంటే, దాన్ని 26తో భాగించి, 15తోనూ 5తోనూ హెచ్చిస్తే సుమారు 86,500 రూపాయలు. మీకు సెప్టెంబరులో అయిదేళ్లు నిండుతాయి. ఎనిమిది నెలల ముందు రాజీనామా చేసి ఒక గేదె ఖరీదుకు దగ్గరగా వచ్చే డబ్బు వదులుకోవడానికి కారణం ఏమీ కనిపించదు. పీఎఫ్ సొమ్మును మాత్రం పెట్టుబడి లెక్కలోకి తీసుకోకండి, అది డైరీది కాదు. అలాగే నియామక పత్రంలో ఇతర వ్యాపారాల గురించి ఏమి రాసి ఉందో చదివి, అవసరమైతే కంపెనీ అనుమతి అడగండి. మరొక మాట: పాల ఆదాయం వ్యవసాయ ఆదాయమని, పన్ను ఉండదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. పాల అమ్మకం వ్యాపార ఆదాయం కిందకే వస్తుంది.

ఆగస్టులో మొదటి గేదె, అక్టోబరులో రెండో గేదె. ఒకేసారి రెండు కొనవద్దనడానికి కారణం నా అనుభవంలో పైన చెప్పాను, వట్టి రోజులు ఒకేసారి రాకూడదు. మన ప్రాంతంలో వానలు పడ్డాక ఈనే గేదెలు ఎక్కువ, అప్పుడు ఎంచుకోవడానికి వీలుంటుంది. పైగా ఆ తరువాత వచ్చే చలికాలంలో గేదెలు బాగా ఎదకు వస్తాయి. ఎండాకాలంలో ఎద లక్షణాలు పైకి కనిపించవు, మూగ ఎద అంటారు, ఇరవై ఒక్క రోజుల చక్రం ఒకటి చూస్తుండగానే జారిపోతుంది.

కొనేటప్పుడు దూరపు లారీ సరుకు జోలికి పోకుండా, పది పదిహేను కిలోమీటర్ల లోపు రైతు ఇంట్లో రెండో ఈతలోనో మూడో ఈతలోనో ఉన్న గేదెను చూడండి. ఒక్క పూట పాలు చూసి బయానా ఇవ్వకండి. ముందు పూట పిండకుండా పొదుగు నింపి చూపించేవారు ఉంటారు. సాయంత్రం, మరునాడు ఉదయం, మళ్లీ సాయంత్రం, మూడు పూటలు మీ ఎదుటే పిండించి తూకం వేయండి. నాలుగు చన్నుల మొదటి ధారలను విడివిడిగా నల్లని గుడ్డ మీద పట్టి చూడండి. తెల్లని పొలుసులు, గడ్డలు కనిపిస్తే పొదుగువాపు మొదలయినట్టే. దూడను కాసేపు విప్పి వదిలి చూడండి. తన దూడైతే గేదె వాసన చూసి నాకుతుంది, ఈని చాలా రోజులైన గేదె పక్కన వేరే చిన్న దూడను కట్టి ఉంటే కొమ్ము విసురుతుంది, పక్కకు జరుగుతుంది. నేను లారీ దగ్గర ఇవేవీ చూడలేదు. దళారి చెప్పిన మాట విని, నిండుగా వేలాడుతున్న పొదుగులు చూసి డబ్బు లెక్కపెట్టాను.

షెడ్డు కట్టవద్దు. సరుగుడు బాదులు, పైన రేకులు, కింద గట్టిగా దిమ్మిస చేసిన నేల చాలు. రేకులు తిరిగి అమ్ముడుపోతాయి, సిమెంటు పోదు. ఏ పని అయినా చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని ఆరు నెలల తరువాత వెనక్కి తీసుకోవాలంటే ఎంత పోతుంది? లక్షా పదివేలకు కొన్న గేదెను అయిదో నెల పాల మీద అమ్మితే డెబ్బై అయిదు, ఎనభై వేలు రావచ్చు. అంటే రెండు గేదెల ప్రయోగం వెనక్కి తిరిగితే పోయేది డెబ్బై వేల ప్రాంతం. మీ 9 లక్షల్లో అది భరించదగ్గ మొత్తం. పది గేదెలు, సిమెంటు షెడ్డు, బ్యాంకు అప్పు, రాజీనామా కలిస్తే పోయేదానికి అంకె వేయలేం. అందులో రాజీనామాకు మరో స్వభావం ఉంది. గేదె నష్టం ఒకసారి తేలిపోతుంది గాని, ఉద్యోగంలో ఖాళీ ప్రతి నెలా మరింత ఖరీదవుతుంది. మూడు నెలల ఖాళీని వివరించవచ్చు, పద్దెనిమిది నెలల ఖాళీని వివరించడం, అందులోనూ మాన్యువల్ టెస్టింగులో, చాలా కష్టం. అందుకే అది వరుసలో చివరిది.

రెండో సమీక్ష వచ్చే ఏడాది ఫిబ్రవరి 15. ఈ తేదీని నేను క్యాలెండరు చూసి పెట్టలేదు, గేదె శరీరం చూసి పెట్టాను. ఆగస్టులో ఈనిన గేదె రెండు మూడు నెలల్లో ఎదకు రావాలి, డిసెంబరు మొదటి వారంలోపు సూది నిలవాలి. నిలిచిందో లేదో పశువైద్యుడు చేతితో పరీక్షించి నమ్మకంగా చెప్పడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. నవంబరులోనే సమీక్ష పెట్టుకుంటే, పాలు నిండుగా ఉండి అంతా లాభంగా కనిపిస్తుంది, అసలు ప్రశ్నకు జవాబు మాత్రం ఉండదు. సమాధానం తయారుకాక ముందు పెట్టిన సమీక్ష మనిషిని మోసం చేస్తుంది. ఫిబ్రవరి 15 నాటికి మొదటి గేదె చూడిదని తేలాలి, నెలవారీ ఖాతాలు ఇరవైకి చేరాలి. అక్టోబరు గేదెకు అప్పటికి సమయం చాలదు, దాన్ని ఏప్రిల్ నెలాఖరుకు పరీక్ష చేయించండి. మొదటి గేదె నిలవకపోతే లవణ మిశ్రమం, మేపకం సరిచేసి ఏప్రిల్ 30 వరకు ఒక్క గడువు ఇవ్వండి. అప్పటికీ రెండూ నిలవకపోతే గేదెల దోషమా, మన మేపకం దోషమా అన్న చర్చ అవసరం లేదు, విస్తరించడం మాత్రం మానుకోవాలి. ఇళ్లకు పాలు పోసే వ్యాపారం బాగుంటే అది అలాగే నాన్నగారి పేరున సాగవచ్చు, మీరు ఉద్యోగంలోనే ఉంటారు. అది కూడా ఓటమి కాదు, నెలకు కొన్ని వేలు తెచ్చే పనే.

సమీక్ష తేదీల మధ్య పెద్ద నిర్ణయం ఏదీ తీసుకోవద్దని ముగ్గురూ అనుకోండి. డిసెంబరులో ఒక రాత్రి గేదెకు పొదుగువాపు వస్తుంది, అమ్మేద్దామంటారు నాన్నగారు. మరో రోజు ఆఫీసులో మేనేజరు ఒక మాట అంటారు, ఆ సాయంత్రమే రాజీనామా పంపాలనిపిస్తుంది. ఆ రెండు రోజుల్లోనూ అనిపించిన మాటను తారీఖు వేసి పుస్తకంలో రాయండి, సమీక్ష రోజు చదవండి. మధ్యలోనే తేల్చవలసినవి మూడే ఉన్నాయి: గేదె చనిపోవడం, ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు, మీ ఉద్యోగం దానంతట అదే పోవడం. ఈ మూడింటిలో ఏది జరిగినా వారం లోపు కూర్చోండి. ఉద్యోగం పోతే ఏమిటన్నది ఇప్పుడే అనుకుని ఉంచండి. నా సలహా, అప్పుడు కూడా గేదెలను పెంచకండి, రెండింటితోనే ఉండి వేరే ఉద్యోగం వెతకండి, ఎందుకంటే ఉద్యోగం పోయినంత మాత్రాన 70 ఇళ్లు పుట్టవు.

పుస్తకంలో రోజూ రాయవలసినవి కొద్దిపాటివే: ఉదయం పాలు, సాయంత్రం పాలు, దాణా కిలోలు, ఎన్ని ఇళ్లకు పోశాం, ఆ రోజు డబ్బు ఎంత వచ్చింది. ఎద కనిపించిన రోజు, సూది వేయించిన రోజు ఎర్ర సిరాతో రాయాలి. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి, గొంతువాపు టీకా వానాకాలానికి ముందు వేయించి ఆ తారీఖులూ అందులోనే వేయండి. ప్రతి నెల మొదటి రోజున, ఈ నెల ఎంత మిగులుతుందని మీరు అనుకుంటున్నారో ఒక అంకె రాసి, నెలాఖరున అసలు అంకె పక్కన రాయండి. మీ అంచనా నెలనెలా అసలుకు దగ్గరవుతుంటే మీకు ఈ పని తెలుస్తోందన్నమాట. లాభం వచ్చిన నెలలో కూడా అంచనా చాలా దూరంగా ఉంటే, ఆ లాభం ఎందుకు వచ్చిందో మీకు తెలియనట్టే.

ఫిబ్రవరి సమీక్ష బాగుంటే మే నెలకు జీతం లేని సెలవు అడగండి. రెండు నెలలు ఇస్తే మంచిది, నెల ఇచ్చినా తీసుకోండి. ఇవ్వకపోతే మిగిలి ఉన్న సెలవులన్నీ కలిపి మూడు వారాలైనా మేలోనే పెట్టండి. మొదటి గేదె అప్పటికి పాలు తగ్గించి ఉంటుంది, పచ్చిమేతకు బోరు నీరు చాలుతుందో లేదో తెలుస్తుంది, నాన్నగారు ఎండకు అలసిపోతారు. ఈ నెలంతా ఉదయం నాలుగు గంటలకు మీరే లేచి పిండాలి, మీరే తెనాలి వెళ్లాలి, పేడ మీరే ఎత్తాలి. మీ భార్య, పాప కూడా ఊళ్లోనే ఉండాలి. శని, ఆదివారాలు వచ్చి పాక దగ్గర కూర్చుని వెళ్లిన అనుభవంతో ఈ జీవితం అర్థం కాదు. మా ఇంట్లో నా భార్య మూడేళ్ల పాటు పుట్టింటి పెళ్లికి కూడా రాత్రి నిద్రకు ఉండలేదు, తెల్లవారితే పాలు పిండాలి కనుక. ఆ సంగతి రాజీనామా చేసే ముందు ఆమెతో మాట్లాడి ఉండవలసింది, నేను మాట్లాడలేదు. అందుచేత మూడో సమీక్షలో మొదట మాట్లాడవలసింది మీ భార్య. ఆమె చెప్పేది పూర్తయ్యాకే పుస్తకం తెరవండి.

ఆ మూడో సమీక్ష జూన్ 30. అప్పటికి మీ చేతిలో పదిహేడు నెలల ఖాతాల లెక్క, మొదటి గేదె పూర్తి పాల లెక్క, రెండో గేదె అప్పటిదాకా ఇచ్చిన పాల లెక్క, చూడి పరీక్షల ఫలితాలు, ఒక ఎండాకాలం, గ్రాట్యుటీ హక్కు ఉంటాయి. ఖాతాలు ముప్పై దాటి, గేదెలు రెండూ చూడివై, గత ఆరు నెలల మీ అంచనాలు అసలుకు అయిదో వంతు తేడా లోపల ఉండి, ఇంట్లో ముగ్గురూ సరే అంటే, అప్పుడు కూడా మొదట చేయవలసింది మరో మూడు గేదెలను రెండేసి నెలల ఎడంతో చేర్చుకోవడం. ఖాతాలు నలభై అయిదుకు చేరి, పన్నెండు నెలల ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో ఉన్న రోజున రాజీనామా పత్రం ఇవ్వండి. నోటీసు కాలం మూడు నెలలుంటే దాన్ని కూడా వాడుకోండి, ఆ మూడు నెలల జీతం ఇంకో గేదెన్నర ఖరీదు. ఈ షరతుల్లో ఏదైనా ఒకటి తక్కువైతే తదుపరి సమీక్ష తేదీని అదే రోజు, అదే పుస్తకంలో, ఏ పరీక్షకు జవాబు అప్పటికి తయారవుతుందో చూసి రాయండి.

ఈ వారంలో చేయవలసింది ఇది. శనివారం ఊరికి వెళ్లి, నాన్నగారిని వెంటబెట్టుకుని తెనాలిలో ఒక పేట ఎంచుకుని, ఇరవై ఇళ్ల తలుపులు తట్టండి. ఇప్పుడు పాలు ఎవరు పోస్తున్నారు, లీటరు ఎంత, ఏ వేళకు వస్తాయి, వాటితో ఇబ్బంది ఏమిటని అడగండి. మీ పాల సంగతి చివర్లో చెప్పండి. వచ్చిన జవాబులు, మీ ఊరి దాణా, వరిగడ్డి ధరలతో కట్టిన లెక్క ఇక్కడ రాస్తే, మార్చి 15కు పది అన్న అంకె మీ పేటకు సరైనదో కాదో చూసి చెబుతాను.